స్వల్ప జ్ఞానలోపం అనుమానితుల నాడీ మనోవైజ్ఞానిక నివేదిక: అంకెల నుండి నిర్ణయం వరకు

వ్యాస సంగ్రహం:
వయసు పైబడినవారిలో మతిమరుపు కనిపించినప్పుడు అది సహజమా, మనసు కుంగుబాటు వల్ల కలిగినదా, మెదడు వ్యాధికి తొలి సూచనా అని తేల్చడానికి నాడీ మనోవైజ్ఞానిక మూల్యాంకనం జరుగుతుంది. దాని ఫలితం ఒక నివేదిక. పరీక్షల్లో వచ్చిన అంకెలను, పరీక్ష రాసిన వ్యక్తి ప్రయత్నాన్ని, మనఃస్థితిని, నిత్యజీవన నిర్వహణను కలిపి చదివినప్పుడే ఆ నివేదిక నిర్ణయానికి ఆధారమవుతుంది. ఈ నాలుగింటిని ఎలా సమన్వయం చేయాలో ఒక తెలుగు ఉపాధ్యాయిని ఉదాహరణతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్వల్ప జ్ఞానలోపం, విరామ స్మరణ, కుంగుబాటు, ప్రయత్న ప్రామాణ్యం, నిత్యజీవన నిర్వహణ, తెలుగు పరీక్షా సాధనాలు.

1. ఉపోద్ఘాతం

సహజమైన వార్ధక్యానికి, డిమెన్షియాకు నడుమ ఉన్న స్థితిని వైద్యశాస్త్రం ‘మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్’ అంటుంది. ఈ వ్యాసంలో దీనిని ‘స్వల్ప జ్ఞానలోపం’ అని వ్యవహరించడమైనది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రొనాల్డ్ పీటర్సన్, ఆయన సహచరులు 1999లో ప్రకటించిన లక్షణాలు ఈ భావనకు స్థిరరూపం ఇచ్చాయి. జ్ఞాపకశక్తి తగ్గిందన్న ఫిర్యాదు, వయసుకు తగని స్మృతిలోపం పరీక్షలో రుజువు కావడం, ఇతర జ్ఞానశక్తులు స్థూలంగా నిలిచి ఉండడం, నిత్యకృత్యాలు సాగుతుండడం, డిమెన్షియా లేకపోవడం అన్నవి ఆ లక్షణాలు. స్మృతి ఒక్కటే కాక ఇతర జ్ఞానశక్తులు దెబ్బతిన్న రూపాలను కూడా తరువాతి కాలంలో ఈ నిర్వచనంలో చేర్చారు.

ఈ లక్షణాలలో పరీక్షపత్రం నేరుగా కొలవగలిగినవి కొన్ని మాత్రమే. ఫిర్యాదు వ్యక్తి నోటినుండి, కుటుంబసభ్యుల నోటినుండి వస్తుంది. నిత్యకృత్యాలు ఇంట్లో జరుగుతాయి. కనుక పరీక్షాఫలితాల పట్టిక నివేదికలో ఒక భాగమే అవుతుంది. ఆ పట్టికకు అర్థం చెప్పే వాదన నివేదికకు ప్రాణం. ఈ వాదన ఎలా నడుస్తుందో చూపడానికి ఒక కల్పిత ఉదాహరణను ఇక్కడ స్వీకరించడమైనది. ఇందులోని వ్యక్తి, అంకెలు, ప్రమాణ విలువలు వివరణ కోసం కూర్చినవి.

2. ఉదాహరణ: సమస్య, పూర్వరంగం

హనుమకొండలో నివసించే 66 ఏళ్ల విశ్రాంత తెలుగు ఉపాధ్యాయినిని ఆమె కుమార్తె వైద్యుని వద్దకు తీసుకువచ్చింది. ఆమె ఎం.ఏ., బి.ఎడ్. చదివారు. 14 నెలల క్రితం భర్త మరణించారు. “అమ్మ అడిగిందే మళ్లీ అడుగుతోంది, నాన్న పోయిన దిగులే అనుకున్నాం” అన్నది కుమార్తె మాట. “పేర్లు తట్టడం లేదు, దేనిమీదా మనసు నిలవడం లేదు” అన్నది ఆమె మాట. వైద్యుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది దుఃఖమా, వ్యాధి ఆరంభమా?

నివేదిక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి. సమాధానాన్ని బట్టి చేయవలసిన పనులు మారుతాయి. కుంగుబాటు మాత్రమే అయితే దానికి చికిత్స చేసి ఎదురుచూడవచ్చు. వ్యాధి ఆరంభమైతే కారణాన్ని వెతకాలి, కుటుంబం ఆర్థిక వ్యవహారాలను, మందుల నిర్వహణను ముందుగా చక్కబెట్టుకోవాలి. వ్యాధి ఉండి కూడా దుఃఖమని సరిపెట్టుకుంటే విలువైన కాలం పోతుంది. దుఃఖాన్ని వ్యాధిగా ముద్రవేస్తే ఒక మనిషి తన ఇంట్లోనే తన మాటకు విలువ కోల్పోతుంది.

3. అంకెలు: ఏది లోపం, ఏది కాదు

పరీక్షలో వచ్చిన ముడి మార్కుకు స్వతంత్రమైన అర్థం లేదు. అదే వయసు, అదే చదువు ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోల్చినప్పుడే దానికి అర్థం వస్తుంది. ఉదాహరణకు 15 పదాల జాబితాను ఐదుసార్లు చదివి వినిపించి, ప్రతిసారీ గుర్తున్న పదాలు చెప్పమని అడిగే పరీక్షను తీసుకోవచ్చు. ఐదవసారి ఆమె 9 పదాలు చెప్పారు. అరగంట విరామం తరువాత 3 పదాలే చెప్పగలిగారు. పోలిక సమూహపు సగటు 9, ప్రామాణిక విచలనం 2.5 అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

```
z = (3 − 9) ÷ 2.5 = −2.4
```

అనగా సగటుకు 2.4 ప్రామాణిక విచలనాలు దిగువన ఆమె ఉన్నారు. ఆరోగ్యవంతులైన నూరుమందిలో ఇంత తక్కువ తెచ్చుకునేవారు ఒక్కరు మాత్రమే ఉంటారు. సాధారణంగా సగటుకు 1 నుండి 1.5 విచలనాల దిగువన ఉన్న ఫలితాలను అనుమానించదగినవిగా చూస్తారు. అయితే ఈ హద్దు దాటిన ప్రతి ఫలితమూ లోపం కాదు. దీనికి గణితమే కారణం. ఆమెకు మొత్తం 12 కొలతలు తీసుకున్నారు. ఒక్కొక్క కొలతలో −1.5 కంటే తక్కువ రావడానికి ఆరోగ్యవంతులకు కూడా దాదాపు 7 శాతం అవకాశం ఉంది. కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, 12 కొలతలలో కనీసం ఒకటైనా అంత తక్కువగా రావడానికి దాదాపు 56 శాతం అవకాశం ఉంటుంది. వాస్తవంలో పరీక్షల మధ్య సంబంధం ఉంటుంది కాబట్టి ఈ శాతం కొంత తగ్గుతుంది. అయినా ఒంటరిగా కనిపించిన ఒక్క తక్కువ మార్కు మీద రోగనిర్ణయం నిలవదన్నది స్పష్టం. ఒకే జ్ఞానశక్తిని కొలిచే రెండు మూడు పరీక్షలు ఒకే దిశను చూపాలి.

ఆమె 12 ఫలితాలలో −1.5 కంటే దిగువన ఉన్నవి నాలుగు: పదాల జాబితా విరామ స్మరణ (−2.4), అదే జాబితాలోని పదాలను గుర్తుపట్టడం (−2.0), విన్న కథను విరామం తరువాత చెప్పడం (−1.8), ఒక అక్షరంతో మొదలయ్యే పదాలను నిమిషంలో చెప్పడం (−1.6). మొదటి మూడూ స్మృతికి చెందినవి. నాలుగవది భాషకు, కార్యనిర్వహణ శక్తికి చెందినది. ఈ నాలుగవ ఫలితాన్ని యథాతథంగా స్వీకరిస్తే రెండు జ్ఞానశక్తులు దెబ్బతిన్నాయని రాయవలసి వస్తుంది. అలా రాయకపోవడానికి కారణం తెలుగు లిపిలోనే ఉంది.

ఈ పరీక్ష అక్షరం ఒకే ధ్వనికి గుర్తుగా ఉండే లిపులలో పుట్టింది. తెలుగులో ‘ప’ అక్షరంతో పదాలు చెప్పమంటే ఆ ఆదేశానికి రెండు అర్థాలు వస్తాయి. పలక, పడవ, పనస మాత్రమే లెక్కా? పాట, పిల్లి, పువ్వు, పెరుగు కూడా లెక్కా? లిపి దృష్టితో చూసేవారు మొదటి అర్థాన్నే తీసుకుంటారు. జీవితమంతా గుణింతాలు నేర్పిన ఉపాధ్యాయిని కూడా అదే చేశారు. నిమిషంలో 6 పదాలు చెప్పారు, ఆరూ హ్రస్వ అకారంతో కూడిన ‘ప’తోనే మొదలయ్యాయి. ‘క’ అక్షరం వచ్చినప్పుడు పరీక్షకుడు గుణింతాలన్నీ లెక్కలోకి వస్తాయని చెప్పగా, 11 పదాలు చెప్పగలిగారు. అడవి, పెంపుడు జంతువుల పేర్లు చెప్పే పరీక్షలో ఆమె ఫలితం −1.0. కాబట్టి −1.6 అన్న అంకె ఆమె పదసంపదను గాక, ఆదేశంలోని అస్పష్టతను కొలిచింది. నివేదికలో ఆ మార్కును దాచకూడదు. మార్కును రాసి, దానిని లోపంగా ఎందుకు పరిగణించలేదో పక్కనే రాయాలి.

బొమ్మను చూసి పేరు చెప్పే పరీక్షలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. ఒకే కాయను ఒక ప్రాంతంలో సొరకాయ అని, మరొకచోట ఆనపకాయ అని, ఇంకొకచోట ఆనిగెపుకాయ అని అంటారు. జవాబుపత్రంలో ఒక్క రూపమే ఉంటే మాండలికం తప్పుగా నమోదవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషలలో జ్ఞానశక్తి పరీక్షల సముదాయాన్ని రూపొందించడానికి ఇటువంటి అవసరమే ప్రేరణ. అనువాదం ఒక్కటే చాలదు. ఆ భాషలో, ఆ చదువు స్థాయిలో ఉన్నవారి ప్రమాణాలు కూడా ఉండాలి.

4. ప్రయత్న ప్రామాణ్యం

అంకెలు అర్థవంతం కావాలంటే పరీక్ష రాసిన వ్యక్తి తన శక్తిమేరకు ప్రయత్నించి ఉండాలి. దీనిని విడిగా కొలుస్తారు. ఎక్కువగా వాడే పద్ధతిలో 50 బొమ్మలను ఒక్కొక్కటిగా చూపి, ఆ తరువాత ప్రతి బొమ్మను ఒక కొత్త బొమ్మతో జతచేసి ‘ఇందులో ముందు చూసినది ఏది’ అని అడుగుతారు. చూడడానికి కష్టంగా కనిపించినా ఇది చాలా తేలిక. బొమ్మలు చూడకుండా గుడ్డిగా ఎంచుకున్నా సగటున 25 సరైనవి వస్తాయి. రెండవ విడతలో 45 కంటే తక్కువ వస్తే ఇతర పరీక్షల ఫలితాలను అనుమానంతో చూడవలసి ఉంటుంది. ఆమెకు మొదటి విడతలో 46, రెండవ విడతలో 49 వచ్చాయి.

ఈ ఫలితాన్ని అర్థం చేసుకోవడంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. తక్కువ మార్కు వస్తే వ్యక్తి అబద్ధమాడుతున్నట్లు భావించడం మొదటిది. అలసట, నొప్పి, తీవ్రమైన కుంగుబాటు, ముదిరిన డిమెన్షియా కూడా మార్కును తగ్గిస్తాయి. 25 కంటే గణనీయంగా తక్కువ వచ్చినప్పుడు మాత్రమే సరైన జవాబు తెలిసి తప్పు ఎంచుకున్నారన్న అనుమానానికి బలం చేకూరుతుంది. మంచి మార్కు వస్తే ఆద్యంతం పూర్తిగా ప్రయత్నించారని తీర్మానించడం రెండవ పొరపాటు. అందువల్ల పరీక్షాసమయంలోని ప్రవర్తనను కూడా నమోదు చేస్తారు. ఆమె పదాల జాబితా వద్ద “ఇంక రావు” అని త్వరగా ఆగిపోయారు. ప్రోత్సహించినప్పుడు మరికొంత సేపు ఆలోచించారు, అయినా కొత్త పదం రాలేదు. ఈ ఒక్క వాక్యం నివేదికలో ఉంటే, తక్కువ మార్కుకు కారణం పట్టుదల లేకపోవడమేనా అన్న ప్రశ్నకు చదువరికి సమాధానం దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నారా, మాటలు స్పష్టంగా వినిపించాయా అన్నవి కూడా ఇక్కడే రాయాలి.

5. మనఃస్థితి: కుంగుబాటు ఎంతవరకు కారణం

వృద్ధుల కుంగుబాటును కొలిచే 15 ప్రశ్నల మాపకంలో ఆమెకు 7 వచ్చాయి. 5 దాటితే కుంగుబాటును అనుమానించి లోతుగా పరిశీలించడం పరిపాటి. అయితే ఈ 15 ప్రశ్నలలో ఒకటి ‘ఇతరులకంటే మీకు జ్ఞాపకశక్తి సమస్యలు ఎక్కువగా ఉన్నాయా’ అన్నదే. స్మృతిలోపం ఉన్నవారు నిజాయితీగా అవునంటారు. ఆ ఒక్క మార్కును తీసివేసినా 6 మిగులుతుంది. భర్త మరణం తరువాత ఆసక్తి తగ్గడం, నిద్ర చెడడం ఆమె చెప్పిన విషయాలే. అంటే కుంగుబాటు ఉంది. అది ఈ స్మృతి ఫలితాలను వివరిస్తుందా అన్నది అసలు ప్రశ్న.

దీనికి సమాధానం మార్కు ఎంత తక్కువ అన్నదానిలో కంటే, తగ్గిన తీరులో దొరుకుతుంది. కుంగుబాటు సాధారణంగా ఏకాగ్రతను, వేగాన్ని, శ్రమించి గుర్తుచేసుకోవడాన్ని దెబ్బతీస్తుంది. విషయం మనసులో చేరి ఉంటుంది, కానీ బయటకు తీయడం కష్టమవుతుంది. కనుక పదాలను తిరిగి చూపి ‘ఇది జాబితాలో ఉందా’ అని అడిగితే అటువంటివారు చాలావరకు గుర్తుపడతారు. తెలియనప్పుడు ‘లేదు’ అనడానికే మొగ్గుచూపుతారు. విషయం మనసులో నిలవని స్థితిలో తీరు వేరు. విరామంలో పదాలు జారిపోతాయి, తిరిగి చూపినా సరిగా గుర్తుపట్టలేరు, వినని పదాలను విన్నామంటారు.

ఆమె ఫలితాలను ఈ వెలుగులో చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. అంకెలను వరుసగా కలిపే వేగ పరీక్షలో −1.1, ఐదు విడతల మొత్తం అభ్యసనంలో −1.0 వచ్చాయి. ఇవి స్వల్పంగా తగ్గినవి, కుంగుబాటు వీటికి చాలినంత కారణం. కానీ ఐదవసారి చెప్పిన 9 పదాలలో అరగంట తరువాత మూడవవంతు మాత్రమే మిగిలింది. గుర్తుపట్టే పరీక్షలో విన్న 15 పదాలలో 11 గుర్తించినా, వినని 15 పదాలలో నాలుగింటిని విన్నానన్నారు. కథ కూడా విరామంలో అలాగే జారిపోయింది. ఈ రెండవ పొరను కుంగుబాటు ఒక్కదానితో వివరించడం కష్టం.

అయినా ‘కుంగుబాటా, వ్యాధా’ అని రెండింటిలో ఒకదానిని ఎంచుకోమనడం సరైన ప్రశ్న కాదు. రెండూ కలిసి ఉండవచ్చు. మలివయసులో కొత్తగా వచ్చిన కుంగుబాటు కొందరిలో మెదడు వ్యాధికి ముందుగా వచ్చే లక్షణం కూడా కావచ్చు. నివేదిక ఏ ఫలితం దేనికి చెందుతుందో విడదీసి చెప్పగలిగితే చాలు.

6. నిత్యజీవన నిర్వహణ

స్వల్ప జ్ఞానలోపాన్ని డిమెన్షియా నుండి వేరుచేసేది ఈ అంశమే. పనులు కొంత ఆలస్యమైనా, అప్పుడప్పుడు తప్పులు దొర్లినా, వ్యక్తి స్వతంత్రంగా జీవించగలిగితే అది స్వల్ప జ్ఞానలోపం. ఇతరుల సహాయం లేనిదే సాగకపోతే డిమెన్షియా వైపు ఆలోచించాలి.

ఇక్కడ ప్రశ్నావళులను యాంత్రికంగా నింపితే ప్రమాదం ఉంది. ‘బ్యాంకు పనులు చేసుకోలేరు’ అన్న అంశానికి కుమార్తె అవునన్నది. విచారిస్తే, ఆ ఇంట్లో బ్యాంకు పనులు, కరెంటు బిల్లులు ఎప్పుడూ భర్తే చూసేవారని తేలింది. ఎన్నడూ చేయని పనిని చేయలేకపోవడం నష్టం కాదు. అందువల్ల ప్రతి పని గురించీ ‘ఇంతకుముందు చేసేవారా, ఎలా చేసేవారు, ఎప్పటినుండి మారింది’ అని మూడు ప్రశ్నలు వేయాలి. చదువు లేని గ్రామీణ వృద్ధుల కోసం రూపొందిన ప్రశ్నావళి ఇటువంటి విద్యావంతురాలికి ఏ లోపమూ చూపకపోవచ్చు. ఆమె స్థాయికి తగిన పనిని వెతకాలి.

అటువంటి పని ఒకటి దొరికింది. ఆమె పదిహేనేళ్లుగా తోటి ఉపాధ్యాయినుల చీటీ లెక్కలు రాసేవారు. ఆ పుస్తకాన్ని తెప్పించి చూస్తే, దాదాపు 20 నెలల క్రితం నుండి తేడాలు కనిపించాయి. ఒకరి వాయిదా రెండుసార్లు జమ అయింది, మరొకరిది నమోదు కాలేదు. తప్పులను ఆమే తరువాత గమనించి దిద్దారు. భర్త మరణించింది 14 నెలల క్రితం. తేదీలతో ఉన్న ఈ పుస్తకం ఏ ప్రశ్నావళీ ఇవ్వలేని సాక్ష్యాన్ని ఇచ్చింది: మార్పు దుఃఖానికి ముందే మొదలైంది.

మరోవైపు ఆమె వంట తానే చేసుకుంటున్నారు. ఒంటరిగా బస్సులో హైదరాబాదు వెళ్లివస్తున్నారు. రక్తపోటు మాత్రను రెండు రోజులు రెండుసార్లు వేసుకున్న తరువాత, వారం రోజుల గదులున్న మాత్రల పెట్టె తెచ్చుకున్నారు. తరువాత పొరపాటు జరగలేదు. అనగా లోపం ఉంది, దానిని సరిదిద్దుకునే శక్తి కూడా ఉంది. స్వతంత్రత నిలిచి ఉంది.

7. సమన్వయం: నివేదిక భాష

నాలుగు ఆధారాలు సిద్ధమైన తరువాత రాసే సారాంశంలోనే నివేదిక బలం తెలుస్తుంది. ‘స్మృతి తీవ్రంగా తగ్గింది, పదధార తగ్గింది, కుంగుబాటు ఉంది, వైద్యపరంగా పరిశీలించగలరు’ అన్న సారాంశంలో అబద్ధం లేదు. కానీ వైద్యుని ప్రశ్నకు జవాబు కూడా లేదు. మార్కులను వాక్యాలుగా మార్చడం వరకే అది చేసింది. దానికి బదులు ఈ క్రింది విధంగా రాయవచ్చు:

> “ఫలితాలు నమ్మదగినవి. విన్న విషయం విరామంలో జారిపోవడం రెండు వేర్వేరు పరీక్షలలో కనిపించింది, గుర్తుపట్టడంలోనూ మెరుగు లేదు. వేగంలో, అభ్యసనంలో కనిపించిన స్వల్ప తగ్గుదలకు ప్రస్తుత కుంగుబాటు కారణం కావచ్చు, స్మృతిలోని మార్పును మాత్రం అది పూర్తిగా వివరించదు. మార్పు భర్త మరణానికి ముందే మొదలైనట్లు లిఖిత ఆధారం ఉంది. ‘ప’ అక్షర పదధారలోని తక్కువ మార్కును ఆదేశంలోని అస్పష్టత కారణంగా లోపంగా పరిగణించలేదు. నిత్యజీవనంలో స్వతంత్రత ఉంది. స్మృతికి పరిమితమైన స్వల్ప జ్ఞానలోపం ఉండే అవకాశం ఎక్కువ, దానితోపాటు చికిత్స అవసరమైన కుంగుబాటు ఉంది.”

ఈ సారాంశంలో ‘కావచ్చు’, ‘పూర్తిగా వివరించదు’, ‘అవకాశం ఎక్కువ’ అన్న మాటలు నిశ్చయంలోని తరతమ భేదాలను సూచిస్తాయి. ఇందులో అల్జీమర్స్ అన్న మాట లేకపోవడం కూడా ఉద్దేశపూర్వకమే. ఈ పరీక్షలు లోపపు తీరును చూపుతాయి, దాని వెనుక ఉన్న వ్యాధిని నిరూపించవు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, నిద్రలో శ్వాస ఆగడం, వాడుతున్న కొన్ని మందులు కూడా స్మృతిని దెబ్బతీస్తాయి. కనుక రక్తపరీక్షలు, మెదడు చిత్రణ, మందుల సమీక్ష సిఫార్సులలో ముందుంటాయి. రెండవ సిఫార్సు కుంగుబాటుకు చికిత్స. మూడవది దాదాపు ఏడాది తరువాత పునఃపరీక్ష. అప్పుడు మరొక పదాల జాబితాను వాడాలి, లేకుంటే పాత పదాల పరిచయం మార్కును కృత్రిమంగా పెంచుతుంది. అప్పటికి కుంగుబాటు తగ్గి వేగం మెరుగుపడి, విరామ స్మరణ అక్కడే ఉంటే నేటి విశ్లేషణ బలపడుతుంది. స్మృతి కూడా కోలుకుంటే ఈ నిర్ణయాన్ని సవరించాలి. స్వల్ప జ్ఞానలోపం ఉన్నవారందరూ డిమెన్షియాకు చేరరు. కొందరు అలాగే ఉంటారు, కొందరు తిరిగి సాధారణ స్థితికి వస్తారు. కుటుంబంతో మాట్లాడేటప్పుడు ఈ విషయం చెప్పడం నివేదిక రాసినవారి బాధ్యత.

8. ముగింపు

ఈ ఉదాహరణలో అంకెల పట్టిక నాలుగు లోపాలను చూపింది. భాషా విశ్లేషణ వాటిలో ఒకదానిని తొలగించింది. ప్రయత్న పరీక్ష మిగిలినవి నమ్మదగినవని చెప్పింది. మనఃస్థితి మాపకం కుంగుబాటును చూపినా, మరచిపోయిన తీరు దాని పరిధిని నిర్ణయించింది. చీటీల పుస్తకం కాలక్రమాన్ని నిర్ధారించింది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా నిర్ణయం మరోలా ఉండేది. తెలుగులో ఇటువంటి మూల్యాంకనం బలపడాలంటే అక్షర పదధార పరీక్షకు గుణింతాల విషయంలో స్పష్టమైన ఆదేశం, నామకరణ పరీక్షకు మాండలిక రూపాలతో కూడిన జవాబుపత్రం, చదువు స్థాయిలవారీ ప్రమాణాలు అవసరం. మొదటి రెండు పనులలో తెలుగు భాషాశాస్త్ర పరిశోధకులు వైద్యులతో కలిసి పనిచేయడానికి అవకాశం ఉంది.